వ్యర్థాల ఖర్చును ఏ ప్రొడక్ట్ మీద వేయాలి? బల్క్ డ్రగ్ యూనిట్ల కాస్టింగ్ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు యూనిట్లలో కాస్టింగ్ చూసేవాళ్ల నుంచి ఏటా అవే సందేహాలు వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఉదాహరణలన్నింటికీ ఒకే ఊహాత్మక యూనిట్‌ను తీసుకున్నాను. అక్కడ ఒకే బ్లాకులో రెండు ఇంటర్మీడియెట్లు తయారవుతాయి, వాటిని 'ఎ', 'బి' అందాం. రేట్లు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, మీ బిల్లుల్లో వేరేలా ఉంటాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

వ్యర్థ జలాలను శుద్ధి చేసే ఈటీపీ ఖర్చంతా ఓవర్‌హెడ్‌లో వేసి, తయారైన కిలోల లెక్కన పంచుతున్నాం. ఇందులో తప్పేముంది?

కిలోల లెక్కన పంచితే ప్రతి కిలో ప్రొడక్ట్ ఒకేలాంటి వ్యర్థం పుట్టిస్తుందని ఒప్పుకున్నట్టే. బల్క్ డ్రగ్స్‌లో అలా ఎప్పుడూ జరగదు. ఒక ప్రొడక్ట్‌లో రియాక్షన్ అయ్యాక రెండు వాటర్ వాష్‌లు ఇచ్చి వదిలేస్తారు. ఇంకోదానిలో కాస్టిక్ పోసి, మళ్లీ యాసిడ్‌తో న్యూట్రలైజ్ చేస్తారు, ఆ ఉప్పంతా నీళ్లలోకే పోతుంది. రెండోదాని కిలో వెనుక రెండు కిలోల పైచిలుకు ఉప్పు ఉన్నా, కాస్ట్ షీట్‌లో రెండింటి మీదా ఒకే రూపాయలు పడతాయి.

దీనివల్ల శుభ్రమైన ప్రొడక్ట్ ఖరీదైనదిగా, మురికి ప్రొడక్ట్ చవకైనదిగా కనిపిస్తుంది. మార్కెటింగ్ వాళ్లు చవకగా కనిపించినదానికే డిస్కౌంట్ ఇచ్చి ఆర్డర్లు తెస్తారు. నా ఉద్యోగం మొదటి సంవత్సరాల్లో ఇది నేనూ చేశాను. ఆర్డర్లు పెరిగాయని అందరం సంతోషించాం. ఆ తర్వాత ఉప్పు నీళ్లను ఇగిర్చే ఎంఈఈ రాత్రీపగలూ తిరిగినా చాలక ఎఫ్లుయెంట్‌ను ట్యాంకర్లలో బయటికి పంపాల్సి వచ్చింది. లాభం ఎందుకు తగ్గిందో కాస్ట్ షీట్ చూస్తే ఎవరికీ అర్థం కాలేదు.

వ్యర్థాల ఖర్చంటే టీఎస్‌డీఎఫ్ వాళ్లు పంపే బిల్లే కదా?

అది చివర్లో వచ్చే చిన్న ముక్క మాత్రమే. టీఎస్‌డీఎఫ్ అంటే ప్రమాదకర వ్యర్థాలను తీసుకుని శుద్ధి చేసి పూడ్చే కేంద్రం. మన దగ్గర దుండిగల్, పరవాడ కేంద్రాలు అందరికీ తెలిసినవే. అక్కడికి బస్తా చేరేలోపే చాలా ఖర్చయిపోతుంది. ఉప్పు ఎక్కువున్న నీళ్లు ముందు స్ట్రిప్పర్‌కు, అక్కడినుంచి ఎంఈఈకి, ఆ తర్వాత ఏటీఎఫ్‌డీకి వెళ్తాయి. స్ట్రిప్పర్‌లో సాల్వెంట్ పైకి వస్తుంది, ఎంఈఈలో ఆవిరితో నీళ్లు ఇగురుతాయి, మిగిలిన చిక్కటి ద్రావణం ఏటీఎఫ్‌డీలో ఎండి ఉప్పుగా రాలుతుంది. దీనికయ్యే స్టీమ్ బాయిలర్ ఖాతాలో, కరెంటు యుటిలిటీస్‌లో, ఆపరేటర్ల జీతాలు ఫ్యాక్టరీ జీతాల్లో, బస్తాలు స్టోర్స్‌లో కలిసిపోయి ఉంటాయి. కాబట్టి మొదట చేయాల్సింది ఈ ముక్కలన్నింటినీ ఆయా ఖాతాల్లోంచి బయటికి తీసి ఒకచోట చేర్చడం.

వీటన్నిటికంటే పెద్ద మొత్తం ఇంకొకటి ఉంది. ఆ వ్యర్థంలో పోయిన ముడి సరుకు కొనడానికి పెట్టిన డబ్బు. దానికి 'వ్యర్థం' పేరుతో బిల్లు రాదు గనుక ఎవరి కంటా పడదు.

డ్రమ్ములు, గ్లోవ్స్, ఫిల్టర్ గుడ్డలు, ఆఫీసు చెత్త, అన్నిటినీ ప్రొడక్ట్‌వారీగా పట్టుకోవాలా?

అక్కర్లేదు. మీ యూనిట్‌లో ఉప్పు నీళ్లు, సాల్వెంట్ నష్టం, డిస్టిలేషన్ అడుగున మిగిలే ఆర్గానిక్ రెసిడ్యూ, ఈ మూడూ కలిపితే సాధారణంగా డబ్బులో చాలా భాగం వచ్చేస్తుంది. వాటిని గట్టిగా పట్టుకుని, మిగతావన్నీ ఒకే ఓవర్‌హెడ్‌గా ఉంచేయండి. గ్లోవ్స్ ఏ ప్రొడక్ట్‌కు ఎన్ని వాడారో లెక్క రాయడానికి మనిషిని పెడితే, గ్లోవ్స్ కంటే ఆ మనిషి జీతమే ఎక్కువవుతుంది. ఖరీదైన క్యాటలిస్ట్ ఉంటే మాత్రం వదలకండి. అది కొన్ని కిలోలే ఉన్నా విలువ లక్షల్లో ఉంటుంది.

## కొలతలు తీసేటప్పుడు

రెండు ప్రొడక్టుల నీళ్లూ ఒకే కలెక్షన్ ట్యాంకులో కలుస్తాయి. ఇక విడదీసేదెలా?

ట్యాంకులో కలిశాక విడదీయలేం. కొలవాల్సింది కలవకముందే, అంటే రియాక్టర్ నుంచి లేయర్ వేరుచేసి కిందికి వదిలే చోట. దీనికి ప్రతి లైనుకూ ఫ్లో మీటర్ కావాలని ఇంజనీరింగ్ వాళ్లు కొటేషన్ తెస్తారు. తొందరపడకండి. బ్యాచ్ తయారీ రికార్డు, అంటే బీఎంఆర్‌లో ప్రతి వాష్‌కూ ఎన్ని లీటర్ల నీళ్లు పోశారో ముందే రాసి ఉంటుంది. పోసిన నీళ్లు దాదాపు అంతే బయటికి వస్తాయి.

కాబట్టి ఒక్కో ప్రొడక్ట్‌కు మూడు నాలుగు బ్యాచ్‌లలో మాత్రం ప్రతి ఏక్వియస్ లేయర్‌నూ, అంటే నీళ్ల పొరనూ విడిగా పట్టి, ఎంత వచ్చిందో కొలిచి, శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపండి. దాంతో ఆ ప్రొడక్ట్‌కు 'బ్యాచ్‌కు ఇన్ని కిలోలీటర్లు, ఇంత ఉప్పు' అనే ప్రామాణిక అంకె దొరుకుతుంది. నెలంతా దాన్నే బ్యాచ్‌ల సంఖ్యతో గుణించుకోవచ్చు. నెలాఖరున ఎంఈఈ ఫీడ్ మీటర్ చూపే మొత్తంతో పోల్చండి. పది శాతంలోపు తేడా ఉంటే నా లెక్కలో ఫర్వాలేదు. పాతిక శాతం వస్తుంటే ఎక్కడో కడిగిన నీళ్లో, వాననీళ్లో, కూలింగ్ టవర్ బ్లోడౌనో వచ్చి కలుస్తోందని అర్థం.

ల్యాబ్ ఇచ్చిన టీడీఎస్ అంకె నమ్మొచ్చా?

ముందు ఒక మాట. అకౌంట్స్‌లో టీడీఎస్ అనగానే ఇన్‌కమ్ ట్యాక్స్ గుర్తొస్తుంది. ఇక్కడ టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న ఘన పదార్థం. నేను మొదటిసారి ఈటీపీ మీటింగ్‌కు వెళ్లినప్పుడు చాలాసేపు వేరే టీడీఎస్ గురించే అనుకుంటూ కూర్చున్నాను.

ల్యాబ్ రెండు రకాలుగా ఈ అంకె ఇస్తుంది. చేతి మీటర్‌ది కండక్టివిటీని బట్టి వేసిన అంచనా. ఉప్పు బాగా ఎక్కువున్న నీళ్లలో అది దారి తప్పుతుంది. ఆర్గానిక్ పదార్థం కరెంటును పెద్దగా పంపదు గనుక అది మీటర్‌కు కనబడదు కూడా. రెండో పద్ధతిలో నీళ్లను వడగట్టి, ఇగిర్చి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూకం వేస్తారు. ఖర్చు పంచడానికి ఈ తూకం అంకెనే అడగండి.

వచ్చిన అంకెను సరిచూడటానికి మీకు కెమిస్ట్రీ డిగ్రీ అవసరం లేదు. న్యూట్రలైజేషన్ సూత్రం ఒక్కటి చాలు:

```
NaOH + HCl → NaCl + H2O
40     36.5    58.5   18
```

అంటే 40 కిలోల కాస్టిక్ పూర్తిగా న్యూట్రలైజ్ అయితే 58.5 కిలోల ఉప్పు పుడుతుంది. 'బి' బ్యాచ్‌లో 660 కిలోల కాస్టిక్ పోశారని బీఎంఆర్ చెబుతోంది. అయితే సుమారు 965 కిలోల ఉప్పు రావాలి. ఆ బ్యాచ్ నుంచి 8 కిలోలీటర్ల నీళ్లు వచ్చాయి, ల్యాబ్ టీడీఎస్ 12 శాతం అంది, అంటే కిలోలీటరుకు 120 కిలోల చొప్పున 960 కిలోలు. రెండూ అతికాయి. ల్యాబ్ 5 శాతం అని ఉంటే శాంపిల్ వాష్ చివర్లో తీశారనో, చిక్కటి ఉప్పునీళ్లు అడుగుకు దిగాక పైనుంచి తీశారనో అనుమానించాలి.

బీఎంఆర్‌లో వ్యర్థాల కాలమ్ నింపుతున్నారు, కానీ ఆ అంకెల మీద నమ్మకం కుదరడం లేదు. ఎలా తెలుసుకోవాలి?

పది బ్యాచ్‌ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి బ్యాచ్‌లోనూ సరిగ్గా 8,000 లీటర్లే ఉంటే అది కొలిచిన అంకె కాదు, కాపీ చేసినది. నిజంగా కొలిస్తే 7,850 అనో 8,120 అనో వస్తుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. రికవర్ అయిన సాల్వెంట్ ఎక్కువ వచ్చిన బ్యాచ్‌లో రెసిడ్యూ తగ్గాలి. అది తగ్గకపోతే రెండింటిలో ఒకటి ఊహించి రాసినదే.

షిఫ్ట్ ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. డిప్ స్టిక్ లేని ట్యాంకు దగ్గర నిలబడి అతను మాత్రం ఏం కొలుస్తాడు? కొలిచే ఏర్పాటు చేసి అడిగితే నిజమైన అంకె వస్తుంది. ఈటీపీ ఆపరేటర్ల దగ్గర సొంత డైరీ ఒకటి ఉంటుంది, ఒకసారి అడిగి చూడండి. 'బి క్యాంపెయిన్ మొదలైతే సాల్ట్ బస్తాలు రెట్టింపు అవుతాయి సార్' అన్న మాట నాకు మొదట చెప్పింది ఆ డైరీయే. ఏ సాఫ్ట్‌వేర్ కూడా అప్పటిదాకా అది చెప్పలేదు. క్యాంపెయిన్ అంటే ఒకే ప్రొడక్ట్ బ్యాచ్‌లను వరసగా నడపడం.

మా లెక్కలో ఉప్పు 13,200 కిలోలు, వేబ్రిడ్జ్ తూకంలో 15,000 కిలోలు. ఏది రాసుకోవాలి?

రెండూ నిజమే కావచ్చు. ల్యాబ్ చెప్పేది పూర్తిగా ఆరిన ఉప్పు. ఏటీఎఫ్‌డీ నుంచి వచ్చే ఉప్పులో ఇంకా తేమ ఉంటుంది. 15,000లో 12 శాతం తేమ తీసేస్తే సరిగ్గా 13,200 వస్తుంది. ప్రొడక్టులకు పంచడానికి పొడి తూకం వాడండి, బిల్లు సరిచూడటానికి తడి తూకం వాడండి. టీఎస్‌డీఎఫ్ వాళ్లు తూకాన్ని బట్టి బిల్లు వేస్తారు గనుక, ఆ 1,800 కిలోల నీళ్లకు కూడా మీరు డబ్బు కడుతున్నారు. తేమ శాతాన్ని ప్రతి లోడ్‌కూ రాయించండి. అది ఒక నెలలో 12 నుంచి 25కు పెరిగితే ప్రొడక్టుల తప్పు కాదు, డ్రయ్యర్‌ను చూడాలి.

## పంచేటప్పుడు

ఎఫ్లుయెంట్ ఖర్చును లీటర్ల లెక్కన పంచాలా, ఉప్పు లెక్కనా?

ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు ఏమిటంటే, ఖర్చును రెండు ముక్కలు చేసి ఒక్కోదాన్ని ఒక్కో లెక్కన పంచాలి. ఎంఈఈలో స్టీమ్ ఖర్చయ్యేది నీళ్లను ఇగిర్చడానికి, కాబట్టి అది ముఖ్యంగా కిలోలీటర్లను బట్టి నడుస్తుంది. ఏటీఎఫ్‌డీ, బస్తాలు, లారీ, పూడ్చివేత, ఇవన్నీ ఉప్పు కిలోలను బట్టి నడుస్తాయి. రెండింటినీ ఒకే లెక్కలో కలిపితే ఏదో ఒక ప్రొడక్ట్‌కు అన్యాయం జరుగుతుంది.

ఒక నెల తీసుకుందాం. 'ఎ' 20 బ్యాచ్‌లు, మొత్తం 10,000 కిలోలు తయారైంది. బ్యాచ్‌కు 6 కిలోలీటర్ల నీళ్లు, కిలోలీటరుకు 30 కిలోల ఉప్పు. అంటే నెలకు 120 కిలోలీటర్లు, 3,600 కిలోల ఉప్పు. 'బి' 10 బ్యాచ్‌లు, 4,000 కిలోలు. బ్యాచ్‌కు 8 కిలోలీటర్లు, కిలోలీటరుకు 120 కిలోల ఉప్పు. అంటే నెలకు 80 కిలోలీటర్లు, 9,600 కిలోల ఉప్పు.

ఖర్చు వైపు చూస్తే ఎంఈఈకి ₹2,40,000. ఏటీఎఫ్‌డీ, ప్యాకింగ్‌కు ₹57,000, టీఎస్‌డీఎఫ్‌కు లారీతో కలిపి ₹75,000, ఈ రెండూ ₹1,32,000. మొత్తం ₹3,72,000. ఎంఈఈ ఖర్చును 200 కిలోలీటర్లతో భాగిస్తే కిలోలీటరుకు ₹1,200. ఉప్పు ఖర్చును 13,200 కిలోలతో భాగిస్తే కిలోకు ₹10.

'ఎ' మీద నీళ్లకు ₹1,44,000, ఉప్పుకు ₹36,000, మొత్తం ₹1,80,000 పడుతుంది. 'బి' మీద నీళ్లకు ₹96,000, ఉప్పుకు ₹96,000, మొత్తం ₹1,92,000. కిలో ప్రొడక్ట్‌కు ఎంత పడిందో మూడు పద్ధతుల్లో చూడండి:

| పంచిన పద్ధతి | 'ఎ' కిలోకు | 'బి' కిలోకు |
|---|---|---|
| తయారైన కిలోల లెక్కన | ₹26.57 | ₹26.57 |
| మొత్తం కిలోలీటర్ల లెక్కన | ₹22.32 | ₹37.20 |
| నీళ్లు, ఉప్పు విడివిడిగా | ₹18.00 | ₹48.00 |

ఈ లెక్కలో ఒక లోపం ఉంది, తెలిసే వదిలేశాను. చిక్కటి ఉప్పునీళ్లు పలచటి నీళ్లకంటే కష్టంగా మరుగుతాయి, ట్యూబులు కూడా త్వరగా మూసుకుపోతాయి. అందువల్ల 'బి' కిలోలీటరు నిజానికి ₹1,200 కంటే కొంచెం ఎక్కువే తింటుంది. దాన్ని కూడా పట్టుకోవాలంటే ఎంఈఈ శుభ్రం చేయడానికి ఆపిన గంటలను క్యాంపెయిన్‌వారీగా రాయాలి. మొదటి ఏడాది అంత దూరం పోకండి.

ప్రొడక్ట్ మార్చినప్పుడు బ్లాకు కడిగిన నీళ్లు, సాల్వెంట్ ఎవరి ఖాతా?

ముందు నడిచినదాని మీద వేయాలా, తర్వాత వచ్చేదాని మీదా అని ప్రొడక్షన్, ప్లానింగ్ వాళ్లు వాదించుకుంటూనే ఉంటారు. నా పద్ధతి చెబుతాను. అది ఏ బ్యాచ్‌దీ కాదు, క్యాంపెయిన్‌ది. క్యాంపెయిన్ ముగిశాక జరిగిన శుభ్రత ఖర్చును ఆ ముగిసిన క్యాంపెయిన్ బ్యాచ్‌లన్నింటికీ పంచుతాను, ఎందుకంటే పాత్రలకు అంటుకున్నది దాని జిడ్డే. కడగడానికి ₹60,000 అయితే, 12 బ్యాచ్‌ల క్యాంపెయిన్‌లో బ్యాచ్‌కు ₹5,000 పడుతుంది, 2 బ్యాచ్‌ల క్యాంపెయిన్‌లో ₹30,000 పడుతుంది. చిన్న ఆర్డర్ కోసం బ్లాకు మార్చమని అడిగేవాళ్లకు చూపించాల్సిన అంకె ఇదే. దీన్ని కిలోల లెక్కన అందరి మీదా పరిస్తే ఈ తేడా మాయమైపోతుంది.

ప్రొడక్షన్ తగ్గిన నెలలో కిలోలీటరు రేటు ఒక్కసారిగా పెరిగింది. అదంతా ఉన్న ప్రొడక్ట్ మీదే వేయాలా?

వేయకూడదు. ఎంఈఈ ఆపరేటర్ల జీతం, తరుగుదల నీళ్లు తక్కువ వచ్చినా మారవు. స్థిర ఖర్చుకు మామూలు సామర్థ్యాన్ని బట్టి ఒక రేటు కట్టి, ప్రొడక్టుల మీద ఆ రేటే వేయండి. మిగిలినదాన్ని 'వాడని సామర్థ్యం' అని విడిగా చూపండి. లేకపోతే ఏమీ మారని ప్రొడక్ట్ ధర ఆ నెలలో పెరిగినట్టు కనబడుతుంది.

వాడిన సాల్వెంట్, ఖాళీ డ్రమ్ములు, క్యాటలిస్ట్ అమ్మితే వచ్చిన డబ్బు ఇతర ఆదాయంలో చూపిస్తున్నాం. సరేనా?

డ్రమ్ముల డబ్బు వరకైతే పెద్ద నష్టం లేదు, మొత్తం ఓవర్‌హెడ్‌లోంచి తగ్గించేయండి చాలు. వాడిన సాల్వెంట్, క్యాటలిస్ట్ మాత్రం ఏ ప్రొడక్ట్ నుంచి వచ్చాయో స్పష్టంగా తెలుసు. వాటి ఖర్చును ప్రొడక్ట్ మీద వేసి, రాబడిని మాత్రం ఇతర ఆదాయంలోకి పంపితే లెక్క ఒకవైపే నడిచినట్టు. పల్లేడియం క్యాటలిస్ట్ వాడే ప్రొడక్ట్‌లో ఇది బాగా తెలుస్తుంది. వాడిన క్యాటలిస్ట్ రిఫైనరీకి వెళ్లి, అందులోని లోహానికి నెలల తర్వాత క్రెడిట్ వస్తుంది. దాన్ని ఆ ప్రొడక్ట్‌కే ఇవ్వకపోతే అది నష్టాల్లో ఉన్నట్టు తేలుతుంది. బరువు, లోహం శాతం మీ ల్యాబ్‌లో కొలిచి పంపండి. రిఫైనరీ వాళ్ల అంకె తక్కువ వచ్చినప్పుడు మాట్లాడటానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

బ్యాచ్ ఫెయిలై మొత్తం పారబోయాల్సి వచ్చింది. ఆ ఖర్చు మిగతా బ్యాచ్‌ల మీద వేయొచ్చా?

మామూలుగా జరిగే నష్టం మంచి బ్యాచ్‌లు మోస్తాయి. మామూలుది కానిది మోయవు. సరుకు నిల్వల అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 2 ప్రకారం అసాధారణ స్థాయిలో వృథా అయిన పదార్థం, శ్రమ సరుకు నిల్వ విలువలోకి రాకూడదు, ఆ కాలం ఖర్చుగా లాభనష్టాల ఖాతాలోకి పోవాలి. అందరూ ముడి సరుకు విలువను మాత్రం రాసేసి, ఆ బ్యాచ్‌ను పారబోయడానికి అయిన ఖర్చును మామూలు ఈటీపీ ఖర్చులోనే వదిలేస్తారు. రియాక్టర్ నిండా ఉన్న ఆర్గానిక్ ద్రావణాన్ని సిమెంట్ ఫ్యాక్టరీకి, బట్టీలో కాల్చే కో-ప్రాసెసింగ్‌కు పంపితే దాని లారీ, రుసుము కూడా ఆ ఫెయిలైన బ్యాచ్‌వే.

## అంకెలు తేలాక

వ్యర్థంలో పోయిన ముడి సరుకు విలువను కూడా లెక్కలో చూపాలా?

చూపిస్తేనే అసలు బొమ్మ కనబడుతుంది. దీన్నే మెటీరియల్ ఫ్లో కాస్ట్ అకౌంటింగ్, పొట్టిగా ఎంఎఫ్‌సీఏ అంటారు. జర్మనీలో పుట్టి, జపాన్‌లో బాగా పెరిగింది. 2011లో ఐఎస్‌ఓ 14051 ప్రమాణంగా వచ్చింది.

'బి' ఒక బ్యాచ్‌ను ఈ కంటితో చూద్దాం. 660 కిలోల కాస్టిక్, కిలో ₹45 చొప్పున ₹29,700. 30 శాతం యాసిడ్ 2,000 కిలోలు, కిలో ₹5 చొప్పున ₹10,000. ఈ రెండూ పూర్తిగా ఉప్పు, నీళ్లుగా మారి వెళ్లిపోతాయి, ప్రొడక్ట్‌లో ఒక్క గ్రాము కూడా ఉండదు. సాల్వెంట్ 1,600 కిలోలు పోస్తే 1,440 కిలోలు రికవరీలో తిరిగొచ్చింది, పోయిన 160 కిలోలు కిలో ₹100 చొప్పున ₹16,000. మొత్తం ₹55,700. అదే బ్యాచ్ ఎఫ్లుయెంట్ ఖర్చు, నీళ్లకు ₹9,600, ఉప్పుకు ₹9,600, కలిపి ₹19,200. అంటే పారబోయడానికి పెట్టిన దానికి దాదాపు మూడు రెట్లు, పారబోసిన సరుకు కొనడానికే పెట్టాం. ప్రొడక్ట్‌ను వడగట్టాక మిగిలే మదర్ లిక్కర్‌లో ఉండిపోయిన ప్రొడక్ట్ విలువ ఇంకా ఇందులో కలపలేదు.

ఎంఎఫ్‌సీఏ ప్రకారం వ్యర్థాల ఖర్చు ప్రొడక్ట్‌ది కాదట. మరి ప్రొడక్ట్ మీద వేయమంటున్నారేం?

రెండు వేర్వేరు ప్రశ్నలకు రెండు జవాబులు. 'ఈ ప్రొడక్ట్ తయారుచేస్తే మొత్తం ఎంత ఖర్చవుతుంది' అనేది ధర కట్టడానికి, కాస్ట్ రికార్డులకు కావాలి. అందులో మామూలు వ్యర్థం ఖర్చు ప్రొడక్ట్ మీదే ఉంటుంది. 'పెట్టిన డబ్బులో ఎంత డ్రమ్ములోకి వెళ్లింది, ఎంత డ్రెయిన్‌లోకి వెళ్లింది' అనేది ఎంఎఫ్‌సీఏ ప్రశ్న. అందులో వ్యర్థాల నిర్వహణ ఖర్చు మొత్తం పోయిన పదార్థం మీదే పడుతుంది. కరెంటు, జీతాల లాంటివి సాధారణంగా బరువు నిష్పత్తిలో మంచి సరుకుకూ, పోయిన సరుకుకూ పంచుతారు.

బరువు నిష్పత్తి దగ్గర మాత్రం మన పరిశ్రమలో జాగ్రత్త పడాలి. పోసిన నీళ్లను కూడా బరువులో కలిపితే నూటికి తొంభై పాళ్లు వ్యర్థమే అని తేలుతుంది, దాన్ని చూసి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేరు. నేను నీళ్లను పక్కనపెట్టి మిగతా పదార్థాల బరువుతోనే పంచుతాను, అలా చేశానని రిపోర్టు కిందే రాస్తాను.

'బి' మీద కిలోకు ₹48 పడుతోంది. ఉప్పు తగ్గిస్తే అదంతా మిగులుతుందా?

మిగలదు. మేనేజ్‌మెంట్‌కు ఆ మాట ముందే చెప్పేయండి, లేకపోతే తర్వాత మీకే టెన్షన్. ఆర్ అండ్ డీ వాళ్లు కాస్టిక్‌ను 10 శాతం తగ్గించగలిగారనుకుందాం. బ్యాచ్‌కు 66 కిలోల కాస్టిక్ తగ్గింది, అంటే ₹2,970. దానికి తగ్గ యాసిడ్ 200 కిలోలు, ₹1,000. ఉప్పు సుమారు 96 కిలోలు తగ్గుతుంది, తేమతో కలిపితే 109 కిలోలు. టీఎస్‌డీఎఫ్ ఖర్చు కిలోకు ₹5 చొప్పున ₹545. మొత్తం ₹4,515.

ఇందులో పారబోత బిల్లులో తగ్గింది ₹545 మాత్రమే. మిగతాదంతా కొనుగోలులో తగ్గింది. నీళ్లు అన్నే పోస్తున్నారు గనుక ఎంఈఈ ఖర్చు దాదాపుగా కదలదు. దాన్ని కదిలించాలంటే వాష్ నీళ్లు తగ్గించాలి, అంటే మూడో వాష్‌ను తర్వాతి బ్యాచ్‌లో మొదటి వాష్‌గా వాడొచ్చేమో క్వాలిటీ వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. ఆమోదించిన ప్రాసెస్‌లో ఇలాంటి మార్పుకు ఛేంజ్ కంట్రోల్ తప్పదు, కస్టమర్‌కు చెప్పాల్సి కూడా రావచ్చు. ఆ ఖర్చునూ, సమయాన్నీ పక్కన రాసుకోండి.

## నెలాఖరు, ఆడిట్

ఈ నెల ఉప్పు ఇంకా షెడ్‌లోనే ఉంది, బిల్లు వచ్చే నెలలో వస్తుంది. అప్పుడు రాసుకుంటే చాలదా?

చాలదు. వ్యర్థం పుట్టిన నెలలోనే దాని ఖర్చు కూడా పుట్టింది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు మామూలుగా 90 రోజుల వరకు నిల్వ ఉంచుకోనిస్తాయి. ఆ వెసులుబాటు వల్ల 'బి' క్యాంపెయిన్ జూన్‌లో నడిచి, దాని ఉప్పు ఆగస్టులో దుండిగల్ వెళ్లి, బిల్లు 'ఎ' నడుస్తున్న నెలలో పడొచ్చు. బిల్లు చూసి రాస్తే 'బి' చేసిన ఖర్చు 'ఎ' మీద పడినట్టే.

నెలాఖరున షెడ్‌లోని బస్తాలు లెక్కపెట్టి, ఒప్పందం రేటుతో, లారీ ఖర్చు కలిపి ప్రొవిజన్ పెట్టండి. బస్తా మీద ఎలాగూ లేబుల్ అంటించాలి. అందులోనే క్యాంపెయిన్ నంబరు కూడా రాయిస్తే సగం పని అయిపోతుంది. బిల్లు వచ్చాక ఫారం 10 మ్యానిఫెస్ట్‌లోని తూకంతో, ఫారం 3 రిజిస్టర్‌తో సరిచూసుకోండి. ఈ మూడూ కలవకపోతే కాలుష్య నియంత్రణ మండలి వాళ్లకంటే ముందు మీరే కనిపెట్టడం మంచిది.

మండలి వేసిన జరిమానాను ప్రొడక్ట్ కాస్ట్‌లో కలపొచ్చా?

కలపకూడదు. కాలుష్య నియంత్రణ ఖర్చు మీద ఉన్న కాస్ట్ అకౌంటింగ్ ప్రమాణం సీఏఎస్-14 ప్రకారం జరిమానాలు, నష్టపరిహారాల లాంటివి ఆ ఖర్చులో భాగం కావు. మేనేజ్‌మెంట్ రిపోర్టులో మాత్రం ఏ క్యాంపెయిన్ సమయంలో వచ్చిందో విడి లైనులో చూపిస్తే ఉపయోగం.

ఆడిటర్ అడిగితే ఏం చూపించాలి? దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనాలా?

సీఏఎస్-14 చెప్పేదీ ఇదే: నేరుగా పట్టుకోగలిగిన ఖర్చును నేరుగా వేయాలి, లేకపోతే కారణాన్ని బట్టి పంచాలి. కాబట్టి ఆడిటర్‌కు కావాల్సింది మీరు ఎంచుకున్న కారణానికి ఆధారం. ప్రొడక్ట్‌కు మూడు నాలుగు బ్యాచ్‌ల కొలతలు, వాటి ల్యాబ్ రిపోర్టులు, నెలాఖరు పోలిక, ఇవి ఒక ఫైల్‌లో ఉంటే చాలు. రెండు మూడు ప్రొడక్టులున్న యూనిట్‌కు ఎక్సెల్‌లో ఒక షీట్ సరిపోతుంది. ప్రామాణిక అంకెలు పెట్టిన తేదీని మాత్రం షీట్‌లో పైనే రాయండి. ప్రాసెస్‌లో వాష్ మారినా, సాల్వెంట్ మారినా ఆ అంకె పాతబడుతుంది. ఛేంజ్ కంట్రోల్ ఫారంలో 'కాస్టింగ్‌కు తెలిపారా' అని ఒక గడి పెట్టించుకోండి. మా దగ్గర ఆ గడి లేక, మారిపోయిన ప్రాసెస్‌కు పాత ఉప్పు అంకెతో పదకొండు నెలలు పంచాం.